ఒత్తులు ఇంకా రాని పిల్లలకు యానిమేషన్ కథ: మాటలు రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లోని ప్రాథమిక బడుల కోసం చిన్న యానిమేషన్ కథలకు నేను మాటలు రాస్తాను. కథ తెరమీద నడుస్తుంటే పాత్ర పలికే మాట కింద అక్షరాల్లో కనిపిస్తుంది, పిల్లలు దాన్ని పైకి చదువుతారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఉపాధ్యాయులూ రచయితలూ నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. గుణింతాలు వచ్చి, ఒత్తులు ఇంకా రాని పిల్లలను దృష్టిలో పెట్టుకున్నాను. మాటలు రాసేవారికి అన్నిటికన్నా కష్టమైన దశ అదే.

మామూలు పిల్లల యానిమేషన్ కథకూ, చదవడం నేర్పే కథకూ తేడా ఏమిటి?

మామూలు కథలో మాట చెవికి అందితే చాలు. ఇక్కడ కొన్ని మాటలు చెవికి అందాలి, కొన్ని మాటలను కన్ను పట్టుకోవాలి. ఆరేడేళ్ల పిల్లవాడు వినగలిగే తెలుగు చాలా పెద్దది. నానమ్మ చెప్పే కథలు, పొలం గొడవలు, పెళ్లి ముచ్చట్లు అన్నీ వాడికి అర్థమవుతాయి. అదే పిల్లవాడు చదవగలిగే తెలుగు మాత్రం చిన్న దోసిలంత ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని రాస్తే కథైనా పేలవంగా తయారవుతుంది, అక్షరాలైనా పిల్లవాడికి మించిపోతాయి.

అందుకే నేను స్క్రిప్టును రెండు వరుసలుగా రాస్తాను. ఒకటి వినిపించే వరుస. కథ చెప్పే గొంతు, చుట్టుపక్కల చప్పుళ్లు అందులోకి వస్తాయి. ఈ మాటలు తెరమీద కనిపించవు కాబట్టి వీటిలో ఏ పదమైనా ఉండవచ్చు. రెండోది చదివించే వరుస. పాత్రలు పలికే పొట్టి మాటలు మాత్రమే ఇందులో ఉంటాయి. తెరమీద కనిపించేవి ఇవే. పిల్లలకు వచ్చిన అక్షరాలు దాటి ఒక్క అక్షరం కూడా ఇందులోకి రాకూడదు.

పిల్లలకు ఏ అక్షరాలు వచ్చో ఎలా తెలుసుకోవాలి?

తరగతి చెప్పే ఉపాధ్యాయురాలిని అడగాలి, వేరే దారి లేదు. తెలంగాణలో 2022 నుంచి 1 నుంచి 5 తరగతుల పిల్లలకు, వాళ్ల స్థాయిని చూసి చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం నడుస్తోంది కాబట్టి, ఎవరు సరళ పదాల దగ్గర ఉన్నారో, ఎవరు గుణింత పదాలకు వచ్చారో, ఎవరు ఒత్తుల పదాలు చదువుతున్నారో టీచర్లు సూటిగా చెప్పగలరు. తరగతి పేరు చూసి ఊహించడం ప్రమాదం. మూడో తరగతిలో కూడా ఒత్తు కనబడగానే ఆగిపోయే పిల్లలు ఉంటారు.

ఒత్తులు లేకుండా తెలుగులో సంభాషణ రాయడం సాధ్యమేనా?

సాధ్యమే. కానీ కూర్చుంటేనే ఆ కష్టం తెలుస్తుంది. నా మొదటి కథలో ఒక పాప, వాళ్ల అమ్మమ్మ, ఒక కుక్కపిల్ల ఉన్నారు. పిల్లలు కథ చూసి ఎంతో సంతోషపడ్డారు, తెరమీది ఒక్క మాట కూడా చదవలేకపోయారు. ఇంటికి వచ్చి నా స్క్రిప్టు నేనే అక్షరం అక్షరం చూసుకున్నాను. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి అన్నీ ఒత్తులే. పిల్లి, కుక్క, ఎద్దు, కప్ప, చెట్టు, ఇల్లు, నీళ్లు, అన్నం కూడా అంతే. బిడ్డ నోట మొదట పలికే మాటలు పలక మీదికి చివరగా వస్తాయన్న సంగతి అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నేను పాత్రలను కథ కోసం వెతకడం మానేసి, అక్షరాల కోసం వెతకడం మొదలుపెట్టాను. తాత, మామ, బావ ఉన్నారు. మేక, ఆవు, కోడి, బాతు, కోతి, కాకి, చీమ, నెమలి, తాబేలు ఉన్నాయి. గీత, లత, రవి, కమల వంటి పేర్లు ఉన్నాయి. తినడానికి గటక, జామ, సీతాఫలం, రేగు ఉన్నాయి. ‘నీళ్లు’ బదులు ‘నీరు’, ‘ఇల్లు’ బదులు ‘గుడిసె’ వాడవచ్చు.

అసలు చిక్కు క్రియల దగ్గర వస్తుంది. జరిగిపోయిన పనిని చెప్పబోతే ‘వచ్చింది, చెప్పింది, ఎక్కింది, వెళ్లింది’ అంటూ ఒత్తులు వరుస కడతాయి. ‘దూకింది, ఆగింది, పడింది, పోయింది, అడిగింది’ లాంటివి బయటపడతాయి కానీ, వాటితోనే కథ మొత్తం నడవదు. అందుకే జరిగిన పనులను కథ చెప్పే గొంతుకు వదిలేసి, పాత్రల చేత ఆ క్షణంలో అనే మాటలు మాత్రమే అనిపిస్తాను. ‘రా, పో, ఆగు, చూడు, తిను, ఇదిగో, అదిగో, లేదు, కాదు, అవును.’ పిల్లలు ఆటలో మాట్లాడుకునే తీరు కూడా ఇదే. ‘ఎక్కడ’ అని అడగాల్సిన చోట ‘ఏది’ అంటే సరిపోతుంది. ‘ఇక్కడ, అక్కడ’ బదులు ‘ఇటు, అటు’ వాడతాను.

ఒక్క హెచ్చరిక. ఒత్తు తప్పించడానికి ఎవరూ అనని మాటను కల్పించకండి. ‘అమ్మ’ అనలేక ‘మాత’ అని రాసిన స్క్రిప్టు ఒకటి చూశాను. పల్లెలో ఏ పాప ‘మాతా, రా’ అని పిలుస్తుంది? అలాంటి చోట అమ్మను వినిపించే వరుసలోకి పంపాలి, లేదా తాతను తేవాలి.

ఎంత జాగ్రత్తపడినా ఒకటో రెండో ఒత్తులు దొర్లుతాయి. పట్టుకోవడం ఎలా?

కంటితో చూస్తే తప్పకుండా దాటిపోతాయి, ఎందుకంటే మనకు ఒత్తు కనబడదు, మాటే కనబడుతుంది. కంప్యూటర్‌కు మాత్రం తెలుగులోని ప్రతి ఒత్తు వెనుకా ఒక పొల్లు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్న మాటలను ఏరితే పని అయిపోతుంది. చదివించే వరుసను మాత్రమే `script.txt` అనే ఫైలులో పెట్టి, పైథాన్ తెలిసిన ఎవరి చేతనైనా ఈ నాలుగు వరుసలు నడిపించండి.

```python
for line in open("script.txt", encoding="utf-8"):
    bad = [w for w in line.split() if "\u0c4d" in w]
    if bad:
        print(bad)
```

ఒత్తు ఉన్న మాటలతో పాటు ‘బస్’ వంటి పొల్లు మాటలు కూడా బయటికి వస్తాయి. సున్నాను ఇది పట్టదు. సున్నా కూడా రాని పిల్లలైతే దాన్ని విడిగా వెతకాలి.

ఇంత కొద్ది మాటలతో కథ ఎలా అల్లాలి?

ఏడు చేపల కథను గుర్తు చేసుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. ‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు?’ అని అడుగుతారు. గడ్డిమేటు అడ్డం వచ్చిందంటుంది. అక్కడినుంచి ప్రశ్న గడ్డిమేటుకు, ఆవుకు, అలా చీమ దాకా పోతుంది. నేను ఎంతోకాలం తర్వాత గమనించిన విషయం ఏమిటంటే, ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు’ అన్న ప్రశ్నలో ఒక్క ఒత్తు కూడా లేదు. జవాబుల్లోనే ఉన్నాయి. అంటే ఆ ప్రశ్నను పిల్లలు చదువుతారు, జవాబును వింటారు.

అదే పద్ధతిలో నా కథలన్నీ సాగుతాయి. ఒకే ప్రశ్న చోటు మారుతూ మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ పిలుపు ఒక్కటే మారుతుంది. మొదటిసారి పిల్లవాడు వింటాడు, రెండోసారి గొంతు కలుపుతాడు, మూడోసారికి తనే ముందు అంటాడు. నాలుగోసారి కూడా అదే వస్తే విసుగు పుడుతుంది కాబట్టి అక్కడ జవాబు మారిపోవాలి.

ఒక కథను పూర్తిగా చూపించగలరా?

‘మేక ఏది?’ అనే మూడు నిమిషాల కథ ఇది. తెల్లవారుతుంది. గీత కొట్టంలోకి వెళ్తుంది. గుంజకు తాడు ఉంటుంది, మేక ఉండదు. ఇంతవరకు వినిపించే గొంతు చెబుతుంది. చదివించే వరుస ఇక్కడినుంచి మొదలవుతుంది.

మొదటి దృశ్యం, కొట్టం.
గీత: తాతా! మేక ఏది?
తాత: మేక లేదా?
గీత: లేదు తాతా.

రెండో దృశ్యం, పెంటకుప్ప దగ్గర.
గీత: కోడీ! కోడీ! మేక ఏది?
కోడి: ఇటు రాలేదు.

మూడో దృశ్యంలో ఆవు, నాలుగో దృశ్యంలో చెరువు గట్టున బాతు. ‘ఆవూ! ఆవూ! మేక ఏది?’ ‘బాతూ! బాతూ! మేక ఏది?’ ఇద్దరి జవాబూ ‘ఇటు రాలేదు’ అనే.

ఐదో దృశ్యం, బండరాళ్ల గుట్ట.
గీత: కోతీ! కోతీ! మేక ఏది?
కోతి: అటు చూడు!
గీత: అదిగో మేక!
తాత: ఏమి తింటోంది?
గీత: రేగాకు!
తాత: మేకా! రా!

మేక కదలదు. గీత ఒక రేగు కొమ్మ విరిచి చూపిస్తుంది.
గీత: మేకా! ఇదిగో రేగాకు!

మేక గంతులేస్తూ వస్తుంది. ముగ్గురూ ఇంటికి చేరతారు. చివరి దృశ్యంలో తాత గుంజ వైపు చూసి నోరు తెరుస్తాడు. గొంతు వినిపించదు. తెరమీద అక్షరాలు మాత్రం వస్తాయి.
తాత: గీతా! తాడు ఏది?

మూడు సెకన్ల తర్వాత తాత గొంతు వస్తుంది, ఆ తర్వాతే మేక నోట్లో నములుతున్న తాడు కనిపిస్తుంది.

ఈ చివరి మాట కోసమే కథంతా కట్టాను. అంతవరకు ‘మేక ఏది’ అని అలవాటైన నోటికి ఒక్క పదం మారింది. పాత్రలు అనని పదం అది, తెరమీద అప్పటిదాకా కనిపించని పదం. కానీ అందులోని ‘తా’ను పిల్లలు ‘తాతా’లో చూశారు, ‘డు’ను ‘చూడు’లో చూశారు. కాబట్టి ఊహించకుండా చదవగలిగే కొత్త పదం అది. ఆ మూడు సెకన్ల నిశ్శబ్దంలో ఎంతమంది ‘తాడు’ అంటారో, ఎంతమంది అలవాటుకొద్దీ ‘మేక’ అంటారో వింటే, ఎవరు అక్షరాన్ని చూస్తున్నారో తెలిసిపోతుంది. తాత గొంతు ముందే వినిపిస్తే ఇదంతా పోతుంది. శబ్దం కూర్చేవారికి ఈ సంగతి స్క్రిప్టులోనే పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి, లేకపోతే పొరపాటని భావించి వాళ్లు దాన్ని సరిచేస్తారు.

‘కోడీ, ఆవూ’ అని దీర్ఘాలు ఎందుకు? ‘కోడి, ఆవు’ సరిపోదా?

పిలుపులో మన గొంతు సహజంగానే సాగుతుంది. గుడి, గుడి దీర్ఘం మధ్య, కొమ్ము, కొమ్ము దీర్ఘం మధ్య తేడా చెవికి ఇంత స్పష్టంగా తెలిసే చోటు ఇంకొకటి దొరకదు. కథ చెప్పే గొంతు ‘గీత కోడిని చూసింది’ అంటుంది, గీత ‘కోడీ!’ అని పిలుస్తుంది. పిలుపు సాగుతున్నంత సేపు ‘డీ’ మీద ఉన్న గుడి దీర్ఘం కూడా మెల్లగా వంపు తిరుగుతున్నట్టు బొమ్మలో చూపించమని అడుగుతాను. ఈ ఒక్కటీ కుదిరినందుకే కొన్ని కథలు రాసిన శ్రమ తీరింది.

కథ నిడివి, మాటల లెక్క ఎలా చూసుకోవాలి?

నేను వాడే లెక్క చిన్నది. ప్రతి మాట తెరమీదికి వచ్చాక పలకడానికి ముందు ఒక సెకను ఆగుతుంది. తర్వాత పదానికి ఒక సెకను. పలకడం అయ్యాక మరో సెకను నిలుస్తుంది. పై కథలో చదివించే మాటలు 17, వాటిలోని పదాలు మొత్తం 44. అంటే 44 సెకన్లకు మరో 34 కలిపి 78 సెకన్లు. చివరి మాట ముందు అదనంగా ఆగే రెండు సెకన్లు కూడా కలిపితే 80. మూడు నిమిషాల కథలో సగం కూడా కాదు. మిగిలిన సమయంలో గీత నడుస్తుంది, మేక గంతులేస్తుంది, పిల్లలు నవ్వుకుంటారు. చదివించే మాటలు సగం దాటితే కథ పాఠంలా మారిపోతుంది.

వేర్వేరు పదాలు ఇందులో 22 మాత్రమే. ‘మేక’ పిలుపుతో కలిపి తొమ్మిది సార్లు, ‘ఏది’ ఆరు సార్లు వస్తాయి.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలని ఉంది. ఆ అంకెను చూసి మాటల వేగం పెంచమని కొందరు అడుగుతారు. అది చివరికి చేరవలసిన చోటు. మన కథ చూసే పిల్లలు దారిలో ఉన్నారు. పైగా తెలుగు పదం ‘రా’ అంత పొట్టిదీ కావచ్చు, ‘తింటోంది’ అంత పొడవుదీ కావచ్చు. నాలుగు అక్షరాలు దాటిన పదాన్ని చదివించే వరుసలో ఉంచను.

గొంతు ఇచ్చేవారికి ఏమి చెప్పాలి?

మెల్లగా చదవమంటే అందరూ సాగదీస్తారు. తెలుగులో అది పెద్ద తప్పవుతుంది, ఎందుకంటే సాగదీస్తే హ్రస్వం దీర్ఘమైపోతుంది. తెరమీద ‘మేక ఏది’ అని ఉంటుంది, చెవికి ‘మేకా ఏదీ’ అని వినిపిస్తుంది. పిల్లవాడు ఏది నమ్మాలి? పదాన్ని మామూలు వేగంతోనే పలికి, పదానికీ పదానికీ మధ్య ఆగమని చెప్పాలి.

రెండోది, మాటలు కలిసిపోవడం. ‘మేక ఏది’ని గబగబా అంటే ‘మేకేది’ అవుతుంది. తెరమీద రెండు పదాలు, చెవికి ఒక్కటి. అందుకే ‘మేక’ అన్నాక గీత ఖాళీ తాడు వైపు చేయి చూపిస్తుంది, ఆ తర్వాత ‘ఏది’ అంటుంది. ఆ చేయి చూపడం నటన కోసం పెట్టింది కాదు, రెండు పదాలను విడదీయడానికి పెట్టింది. ‘రేగు ఆకు’ను మాత్రం ఎవరూ విడదీసి అనరు కాబట్టి ‘రేగాకు’ అని ఒకే పదంగా రాశాను.

నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లల చేత చెప్పించడం మేలు. పెద్దవాళ్లు చిన్నపిల్లల గొంతు పెడితే పిల్లలు ఇట్టే కనిపెడతారు.

మన పిల్లల ఇంటి మాట రాయాలా, పుస్తకాల తెలుగు రాయాలా?

వినిపించే వరుసలో ఇంటి మాట ఉండనివ్వండి. ఆ ఊరి గొంతులోనే కథ చెప్పించండి. చదివించే వరుసకు మాత్రం ఇంట్లోనూ పుస్తకంలోనూ ఒకేలా ఉండే పదాలను ఏరుకోవాలి. తాత, మేక, లేదు, చూడు, రా, ఇటు, అటు అలాంటివి.

ఒక్కోసారి తప్పదు. ‘ఇటు రాలేదు’ అని తెరమీద ఉంటే చాలామంది పిల్లలు ‘ఇటు రాలే’ అని చదువుతారు. అర్థం చేసుకుని తన భాషలోకి మార్చుకున్న పిల్లవాడు అలా చదువుతాడు కాబట్టి దాన్ని తప్పుగా కొట్టేయకూడదు. కాకపోతే ‘దు’ను చూశాడో లేదో మనకు తెలియదు. పదం చివరి అక్షరం మీద వేలు పెట్టమంటే సరిపోతుంది.

దేవరకొండ వైపు తండాల్లో పిల్లలకు ఇంటి మాట లంబాడీ. వాళ్లకు వినిపించే వరుస కూడా కొత్త భాషే. అక్కడికి వెళ్లే కథలో గొంతు చెప్పేదంతా ముందు బొమ్మలో జరిగిపోవాలి. శబ్దం పూర్తిగా తీసేసి ఒకసారి చూడండి. కథ అర్థం కాకపోతే మాటలు మార్చడంతో పని జరగదు, దృశ్యాన్నే మార్చాలి.

తెరమీది అక్షరాల విషయంలో ఏమి చూసుకోవాలి?

పలుకుతున్నప్పుడు రంగు మారేది పదం మొత్తం కావాలి. ‘కో’లో క కు, దాని ఓత్వానికి వేర్వేరు సమయాల్లో రంగు మారిస్తే పిల్లవాడు వాటిని రెండు అక్షరాలనుకుంటాడు. ‘ప, వ’, ‘మె, మే’ స్పష్టంగా విడిగా కనిపించే ఫాంటు ఎంచుకుని, తరగతి గదిలో చివరి వరుస నుంచి చూడాలి. కొన్ని యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లు తెలుగు గుర్తులను విడగొట్టి పక్కన పెడతాయి. అలా జరిగితే అక్షరాలను సరిగా చూపే వేరే ప్రోగ్రాంలో మాటను తయారుచేసి బొమ్మగా తెచ్చుకోవడం తేలిక.

బొమ్మలు గీసేవారితో ఇబ్బంది వస్తుందా?

ఊరు తెలియకపోతే వస్తుంది. ఈ కథకు మొదట గీసిన బొమ్మల్లో మేక సీతాఫలం ఆకులు తింటూ కనిపించింది. పాలమూరు గుట్టలంటే సీతాఫలం గుర్తొస్తుంది, నిజమే. కానీ మేక ఆ ఆకు ముట్టదు. బొమ్మలు చూపించగానే ఒక బాబు లేచి ‘మేక అది తినదు’ అన్నాడు, మిగిలినవాళ్లంతా అదే చర్చలో పడ్డారు, అక్షరాలను ఎవరూ చూడలేదు. రేగు అలా వచ్చింది. పిల్లలకు మనకన్నా బాగా తెలిసిన విషయంలో బొమ్మ తప్పితే ఆ రోజు చదువు అక్కడితో ఆగుతుంది.

పిల్లవాడు చదివాడా, విని బట్టీ పట్టాడా? ఎలా తెలుస్తుంది?

కథ మూడుసార్లు చూసిన పిల్లవాడు తెరవైపు చూడకుండానే మాటలన్నీ అప్పజెబుతాడు. దాన్ని చూసి మురిసిపోకూడదు. కథలోని మాటలను చీటీల మీద రాసి, వరుస మార్చి ఇవ్వండి. ‘ఏది మేక?’ అని తిప్పి రాస్తే, బట్టీ పట్టినవాడు ‘మేక ఏది’ అనే అంటాడు. తర్వాత ఒక్క అక్షరం మార్చండి. మేకను ‘మేడ’ చేయండి, తాతను ‘తాడు’ చేయండి, ‘కోడి’ పక్కన ‘కోతి’ పెట్టండి. చివరగా కథలో లేని మాట ఒకటి, కథలోని అక్షరాలతోనే కట్టి ఇవ్వండి. ‘ఆకు లేదు. మేకు ఏది?’ లాంటిది. ఇవి చదివితే చదివినట్టే.

చదవలేని పిల్లలు ఎక్కువగా ఉంటే పిల్లలను మళ్లీ కూర్చోబెట్టకండి, స్క్రిప్టును మళ్లీ ముందు పెట్టుకోండి. సాధారణంగా ఒకే అక్షరం దగ్గర అందరూ ఆగుతారు. ఈ కథలో అలా ఆగింది ‘గో’ దగ్గర. ‘అదిగో’ ఒక్కసారే వచ్చింది, అదీ మేక కనిపించిన సందడిలో. దాంతో గీత రేగు కొమ్మ చూపించే దృశ్యంలో ‘ఇదిగో’ను తర్వాత చేర్చాను.